అందరూ చూడాలి, ఒక్కరే చెయ్యాలి
ఇంటి బిల్లులు, బడి నోటీసులు, రెన్యువల్స్ అన్నిటికీ ఒకే మెయిల్‌బాక్స్ పెట్టుకునే పద్ధతి

మన ఇంటికి రావలసిన ముఖ్యమైన మెయిళ్లు ఎక్కడెక్కడికి వెళ్తున్నాయో ఒకసారి కూర్చుని రాసి చూడండి. ఆరోగ్య బీమా తీసుకున్నప్పుడు ఇచ్చింది ఆఫీసు మెయిల్. ఆ ఉద్యోగం మారి చాలా కాలమైంది, ఆ మెయిల్ ఇప్పుడు తెరుచుకోదు. రెన్యువల్ నోటీసు మాత్రం ఏటా అక్కడికే వెళ్తోంది. బడిలో అడ్మిషన్ ఫారం నింపింది తల్లి కాబట్టి బడి నుంచి వచ్చేవన్నీ ఆమె సొంత మెయిల్‌కి వస్తాయి. ఇంటర్నెట్ కనెక్షన్ తండ్రి పేరు మీద ఉంది. కారు బీమా షోరూమ్‌లో చేయించారు, అప్పుడు సేల్స్ కుర్రాడు ఏ మెయిల్ రాశాడో ఎవరికీ గుర్తులేదు. ఊళ్లో ఉన్న పెద్దవాళ్ల కరెంటు బిల్లుకి అసలు మెయిలే లేదు.

ఇవన్నీ ఒకచోటికి తేవడానికి ఇంటి పేరుతో ఒక మెయిల్‌బాక్స్ తెరవడం మంచి ఆలోచన. చాలామంది తెరుస్తారు కూడా. పాస్‌వర్డ్ ఇంట్లో అందరికీ చెప్తారు, అందరూ ఫోన్లలో పెట్టుకుంటారు. కొన్ని నెలలు తిరిగేసరికి ఒక గడువు దాటిపోతుంది. ఆ మెయిల్ అందరూ చూశారు. ఆయన కట్టి ఉంటారని ఆవిడ, ఆవిడ కట్టి ఉంటుందని ఆయన అనుకున్నారు. ఇదివరకు ఒక్కరికే కనిపించినప్పుడు మర్చిపోతే తెలిసేది, ఇప్పుడు ఎవరు మర్చిపోయారో కూడా తెలియదు. కాబట్టి మెయిల్‌బాక్స్ తెరవడం ఎంత అవసరమో, అందులోకి వచ్చే ప్రతి కాగితానికీ ఒక మనిషి పేరు రాయడం అంతే అవసరం. ఈ రెండూ కలిపి ఎలా చెయ్యాలో జీమెయిల్ ఆధారంగా చూద్దాం. మన ఇళ్లలో ఎక్కువమందికి అలవాటైనది అదే.

ఒక ఇంటిని తీసుకుందాం

మాట తేలిగ్గా సాగడానికి ఒక కుటుంబాన్ని ఊహించుకుందాం. భార్యాభర్తలు ఇద్దరూ ఉద్యోగస్తులు, హైదరాబాద్ మియాపూర్‌లో ఫ్లాట్. పిల్లలు ఇద్దరు, ఏడో తరగతి, మూడో తరగతి. భర్త తల్లిదండ్రులు తెనాలిలో సొంత ఇంట్లో ఉంటారు. భర్త తమ్ముడు డాలస్‌లో ఉంటాడు, అమ్మానాన్నల ఆరోగ్య బీమా ప్రీమియం కట్టేది అతనే. కారు ఒకటి, స్కూటర్ ఒకటి.

కంప్యూటర్ ముట్టుకునే ముందు ఈ ఇంట్లో చెయ్యాల్సిన పని, ఒక కాగితం మీద మూడు గళ్లు గీయడం. మొదటి గడిలో పని, రెండో గడిలో చేసేవారు, మూడో గడిలో వారికి వీలుకాకపోతే చేసేవారు. బడి విషయాలు భార్యవి, ఆమెకి కుదరనప్పుడు భర్తవి. ఫ్లాట్ కరెంటు, ఇంటర్నెట్, ఆస్తి పన్ను భర్తవి. బండ్ల బీమా, కాలుష్య సర్టిఫికెట్ కూడా అతనివే. పెద్దవాళ్ల ఆరోగ్య బీమా తమ్ముడిది, అతనికి కుదరనప్పుడు అన్నది. తెనాలి ఇంటి కరెంటు, పన్ను మామగారే చూసుకుంటారు, ఆయనకి ఒంట్లో బాగాలేనప్పుడు పెద్దకొడుకు.

రెండో గడిలో ఎప్పుడూ ఒక్క పేరే ఉండాలి. ‘ఇద్దరం’ అని రాసిన చోటే గడువులు దాటుతాయి. ఆ పేరున్న మనిషే డబ్బు కట్టాలని లేదు, మరొకరిచేత కట్టించవచ్చు. కానీ ‘అయిందా?’ అని అడిగితే సమాధానం చెప్పాల్సింది ఆ మనిషే.

పాస్‌వర్డ్ పంచకండి, అనుమతి ఇవ్వండి

ఇప్పుడు కొత్తగా ఒక జీమెయిల్ అకౌంట్ తెరవండి. ఎవరో ఒకరి పాత సొంత అకౌంట్‌ని ఇంటి అకౌంట్‌గా మార్చవద్దు. అందులో వారి ఫొటోలు, ఉత్తరాలు, బ్యాంకు సంగతులు అన్నీ ఉంటాయి. ఈ అకౌంట్‌కి తాళం ఒకరి దగ్గర ఉండాలి. వారిని మెయిల్‌బాక్స్ చూసుకునే మనిషి అనుకుందాం. మన ఉదాహరణలో భార్య. పాస్‌వర్డ్, రెండంచెల రక్షణ ఆమె ఫోన్‌తో ముడిపడి ఉంటాయి.

మిగతావారికి పాస్‌వర్డ్ చెప్పనక్కర్లేదు. జీమెయిల్‌లో ఇందుకే ఒక ఏర్పాటు ఉంది. కంప్యూటర్‌లో ఆ అకౌంట్ తెరిచి Settings లోకి, అక్కడ See all settings లోకి, తర్వాత Accounts and Import లోకి వెళ్తే Grant access to your account అని కనిపిస్తుంది. అక్కడ Add another account నొక్కి భర్త సొంత జీమెయిల్ చిరునామా ఇవ్వాలి. అతనికి ఒక మెయిల్ వస్తుంది, వారంలోగా ఒప్పుకోవాలి. ఒప్పుకున్నాక పని మొదలవడానికి ఒక్కోసారి ఒక రోజు పడుతుంది. ఆ తర్వాత అతను తన సొంత పాస్‌వర్డ్‌తోనే లోపలికి వచ్చి ఇంటి మెయిల్ చదవగలడు, జవాబు రాయగలడు, తీసేయగలడు. అకౌంట్ పాస్‌వర్డ్ మాత్రం మార్చలేడు. సొంత జీమెయిల్ అకౌంట్‌కి ఇలా పది మందిని చేర్చవచ్చు, వద్దనుకున్న రోజు ఒక్కరిని తీసేయవచ్చు. పాస్‌వర్డ్ పంచుకున్న ఇంట్లో ఒకరిని తప్పించాలంటే అందరికీ పాస్‌వర్డ్ మార్చి చెప్పుకోవాలి.

అదే చోట మరో చిన్న ఎంపిక ఉంటుంది. వేరొకరు మెయిల్ తెరిస్తే అది చదివినట్టు మారాలా, చదవనట్టే ఉండాలా అని. రెండోది, అంటే Leave conversation unread when opened by others ఎంచుకోండి. కానీ ఇది కొంతవరకే మేలు చేస్తుంది. మెయిల్‌బాక్స్ చూసుకునే మనిషి తెరిస్తే చదివినట్టే మారుతుంది. అందుకే అక్షరాలు లావుగా ఉన్నాయా సన్నగా ఉన్నాయా అన్నదాన్ని బట్టి పని అయిందో లేదో తేల్చుకోకూడదు. ఇంట్లో ఒకటే గుర్తు పెట్టుకోండి. ఇన్‌బాక్స్‌లో ఉంటే పని మిగిలి ఉంది, ఆర్కైవ్ చేస్తే పని పూర్తయింది. ఆర్కైవ్ చేసిన మెయిల్ పోదు, All Mail లో ఉంటుంది, వెతికితే దొరుకుతుంది.

తాళం ఒకరి దగ్గరే ఉంటే ఆ మనిషికి ఏదైనా అయితే ఎలా? ఇందుకు రెండు జాగ్రత్తలు. అకౌంట్‌కి రికవరీ మెయిల్‌గా భర్త చిరునామా ఇవ్వాలి. రెండంచెల రక్షణ పెట్టాక గూగుల్ పది బ్యాకప్ కోడ్లు ఇస్తుంది. ఒక్కొక్కటి ఎనిమిది అంకెలు, ఒక్కొక్కటి ఒక్కసారే పనిచేస్తుంది. వాటిని కాగితం మీద ముద్రించి, పాస్‌వర్డ్‌తో పాటు కవరులో పెట్టి, ఇంటి దస్తావేజులు ఉన్నచోట బీరువాలో ఉంచాలి. ఫోన్ పోయిన రోజున, ఆస్పత్రిలో ఉన్న రోజున ఆ కవరే దారి.

ఒకే పెట్టెకి చాలా చిరునామాలు

జీమెయిల్‌లో ఒక సౌకర్యం ఉంది. మీ పేరు తర్వాత కూడిక గుర్తు పెట్టి ఏ మాట చేర్చినా ఆ మెయిల్ మీకే వస్తుంది. కొత్తగా ఏమీ తెరవనక్కర్లేదు. కింద INTIPERU అన్నచోట మీరు తెరిచిన పేరు ఉందనుకోండి.

```
INTIPERU+badi@gmail.com
INTIPERU+current@gmail.com
INTIPERU+bheema@gmail.com
INTIPERU+bandi@gmail.com
INTIPERU+tenali@gmail.com
```

బడికి మొదటిది, బీమా కంపెనీకి మూడోది, ఇలా ఇచ్చుకుంటూ పోవాలి. ఉత్తరం రాగానే అది ఏ పనికి సంబంధించిందో చిరునామాలోనే తెలిసిపోతుంది. చిరునామాలో పని తెలిస్తే, మనం గీసిన కాగితం ప్రకారం మనిషీ తెలుస్తారు. ఆ ముడి వేసేది ఫిల్టర్.

ముందు తమ్ముడి సొంత మెయిల్‌కి ఇక్కడి నుంచి కాపీ పంపడానికి అనుమతి తీసుకోవాలి. Settings లో Forwarding and POP/IMAP లోకి వెళ్లి Add a forwarding address నొక్కితే అతనికి ఒక కోడ్ వెళ్తుంది. అది అతను చెప్తే ఇక్కడ కొట్టాలి. ఇలా ఒక్కొక్కరి చిరునామాకీ ఒకసారి చేస్తే చాలు. ఈ పేజీలోనే వచ్చిన మెయిళ్లన్నిటినీ పంపే వీలు కూడా ఉంటుంది, దాన్ని ముట్టుకోకండి. మనకి కావాల్సింది ఫిల్టర్ ద్వారా, ఎవరివి వారికి పంపడం.

తర్వాత ఫిల్టర్. ఇది కూడా కంప్యూటర్‌లోనే చెయ్యాలి, ఫోన్ యాప్‌లో కుదరదు. పైన వెతికే పట్టీ చివర ఉన్న గుర్తు నొక్కి, To గడిలో INTIPERU+bheema@gmail.com రాసి, Create filter నొక్కాలి. వచ్చే జాబితాలో మూడిటికి టిక్ పెట్టాలి. Apply the label దగ్గర ‘బీమా – తమ్ముడు’ అని కొత్త లేబుల్. Forward it to దగ్గర అతని చిరునామా. Never send it to Spam. ఈ మూడోది తప్పనిసరి. స్పామ్‌లో పడ్డ మెయిల్ ముందుకు వెళ్లదు, 30 రోజుల తర్వాత దానంతట అదే చెరిగిపోతుంది. Skip the Inbox అన్నదానికి మాత్రం టిక్ పెట్టకూడదు. పెడితే పని మొదలుకాకముందే ఇన్‌బాక్స్ ఖాళీ అవుతుంది, మన గుర్తుకి అర్థం ఉండదు.

లేబుల్‌లో పనితో పాటు మనిషి ఎవరో కూడా రాశామని గమనించండి. ‘బీమా’ అని మాత్రమే ఉంటే అది అల్మరాలో ఒక అర. ‘బీమా – తమ్ముడు’ అని ఉంటే ఇన్‌బాక్స్ తెరిచిన ఎవరికైనా ఏ పని ఎవరి దగ్గర ఆగి ఉందో ఒక్క చూపులో తెలుస్తుంది.

కొన్ని వెబ్‌సైట్లు కూడిక గుర్తు ఉన్న చిరునామాని ఒప్పుకోవు, తప్పు అంటాయి. అక్కడ మామూలు చిరునామా ఇచ్చి, ఫిల్టర్‌ని From గడిలో ఆ సంస్థ చిరునామాతో చేసుకోవాలి. ఫలితం అదే.

ఈ చిరునామాల వల్ల మరో లాభం ఉంది. ‘ఈ రాత్రికి మీ కరెంటు కట్ చేస్తాం, ఈ నంబర్‌కి ఫోన్ చెయ్యండి’ అనే మోసపు సందేశాలు మన దగ్గర చాలామందికి వచ్చాయి. కరెంటు ఆఫీసుకి ఇచ్చింది +current చిరునామా అయినప్పుడు, అలాంటి ఉత్తరం +badi చిరునామాకి వచ్చిందంటే అది కరెంటు ఆఫీసుది కాదని వెంటనే తెలుస్తుంది. అయితే సరైన చిరునామాకి వచ్చినంత మాత్రాన నిజమైనదని నమ్మకూడదు. డబ్బు ఎప్పుడూ మెయిల్‌లో ఇచ్చిన లింకు నుంచి కట్టకుండా, ఆ సంస్థ యాప్‌లోకో వెబ్‌సైట్‌లోకో మనమే వెళ్లి కట్టాలి.

మెయిల్‌కి రాని వాటి సంగతి

మన ఇళ్లలో చాలా సంగతులు మెయిల్‌లో రావు. కరెంటు బిల్లు మీటర్ రీడింగ్ తీసేవాళ్లు చేతికి ఇచ్చిపోతారు. బడి నోటీసు క్లాసు వాట్సాప్ గ్రూపులో వస్తుంది, లేదా డైరీలో అంటించి వస్తుంది. బండి బీమా గుర్తుచేసేది ఎస్సెమ్మెస్. మెయిల్‌బాక్స్ పెట్టి వీటిని వదిలేస్తే సగం ఇల్లు బయటే ఉన్నట్టు.

అందుకు అలవాటు ఒకటే. కాగితమైతే ఫొటో తీసి, వాట్సాప్ ఫైలైతే షేర్ నొక్కి, సరైన చిరునామాకి మెయిల్ చెయ్యాలి. సబ్జెక్ట్‌లో గడువు తేదీ ముందు రాయాలి: ‘జులై 10 – రెండో టర్మ్ ఫీజు – ఏడో తరగతి’. గ్రూపులో నోటీసు ఎవరు చూస్తే వారు పంపవచ్చు. చిరునామా +badi అయితే ఫిల్టర్ దాన్ని తల్లికే చేరుస్తుంది. తెనాలిలో మామగారు బిల్లు ఫొటో పెద్దకొడుకు వాట్సాప్‌కి పంపితే చాలు, కొడుకు దాన్ని +tenali కి పంపుతాడు. పెద్దవాళ్లని కొత్త అలవాట్లతో ఇబ్బంది పెట్టనక్కర్లేదు.

వాట్సాప్‌లోనే ఉంచుకోవచ్చు కదా అనిపించవచ్చు. ఫోన్ మారినప్పుడో, గ్రూపులో వందల పలకరింపుల మధ్యనో అవి దొరకవు. మెయిల్‌లో పెట్టినవి ఏళ్ల తర్వాత కూడా తేదీతో వెతికి తీయవచ్చు. పాత పన్ను విధానంలో ఉన్నవారు 80సి కింద పిల్లల ట్యూషన్ ఫీజు చూపించాలంటే ఏడాది రసీదులన్నీ కావాలి. వెతికే పట్టీలో ఇలా కొడితే ఆ ఆర్థిక సంవత్సరంలో బడి చిరునామాకి జతపరిచి పంపిన కాగితాలన్నీ వరుసగా వస్తాయి.

```
to:INTIPERU+badi@gmail.com has:attachment after:2025/04/01 before:2026/04/01
```

ఒక రెన్యువల్ మొదటి నుంచి చివరిదాకా

పెద్దవాళ్ల ఆరోగ్య బీమా గడువు మార్చి 20న ముగుస్తుందనుకుందాం. ఇంట్లో అన్నిటికన్నా ఖరీదైన పొరపాటు ఇక్కడే జరుగుతుంది. ఏడాదికోసారి కట్టే ఆరోగ్య పాలసీకి గడువు తర్వాత 30 రోజుల గ్రేస్ ఉంటుంది. ఆ లోపు కడితే పాలసీ తెగకుండా కొనసాగుతుంది. కానీ గడువు ముగిసిన రోజుకీ డబ్బు కట్టిన రోజుకీ మధ్య ఆస్పత్రిలో చేరితే ఆ ఖర్చు రాదు. 30 రోజులు కూడా దాటితే పాలసీ పోతుంది. కొత్తది తీసుకుంటే ముందు నుంచి ఉన్న జబ్బులకి వెయిటింగ్ మళ్లీ మొదటి నుంచి మొదలవుతుంది. అది మూడేళ్ల దాకా ఉండవచ్చు. డెబ్బై దాటిన వాళ్లకి కొత్త పాలసీ దొరకడమే కష్టం.

మెయిల్ వస్తుందని కూర్చోకుండా ముందే క్యాలెండర్‌లో పెట్టుకోవాలి. ఇంటి అకౌంట్‌తో గూగుల్ క్యాలెండర్ తెరిచి మూడు తేదీలు వేద్దాం. ఫిబ్రవరి 3న ‘ప్రీమియం ఎంత పెరిగింది, మొత్తం సరిపోతుందా చూడాలి’. మార్చి 5న ‘ఈ రోజు కట్టాలి’. మార్చి 17న ‘కొత్త పాలసీ చేతికి వచ్చిందా?’ ఇక్కడ తెలుసుకోవలసిన సంగతి ఒకటి ఉంది. క్యాలెండర్ పంచుకుంటే తేదీలు అందరికీ కనిపిస్తాయి కానీ గుర్తుచేసే గంట అందరి ఫోన్లలో మోగదు. అది ఎవరికి వారు పెట్టుకునేది. అందుకని పని ఎవరిదో వారిని ఆ తేదీకి గెస్ట్‌గా చేర్చండి. అప్పుడు అది తమ్ముడి సొంత క్యాలెండర్‌లోకి వెళ్లి, డాలస్ సమయానికి అతని ఫోన్‌లో మోగుతుంది.

ఫిబ్రవరిలో నోటీసు +bheema చిరునామాకి వస్తుంది. అసలు ఇంటి ఇన్‌బాక్స్‌లో ‘బీమా – తమ్ముడు’ లేబుల్‌తో ఉంటుంది, కాపీ అతని సొంత మెయిల్‌లో ఉంటుంది. మార్చి 5న అతను డబ్బు కడతాడు. ఇక్కడే చాలా ఇళ్లలో మెయిల్‌ని ఆర్కైవ్ చేసేస్తారు, అది తొందరపాటు. ఖాతాలో డబ్బు తెగి పాలసీ రాని సందర్భాలు ఉంటాయి. కొత్త పాలసీ కాగితం వచ్చి, అందులో అమ్మానాన్నల పేర్లు, పుట్టిన తేదీలు, బీమా మొత్తం సరిగ్గా ఉన్నాయని, కొత్త గడువు పాతది ముగిసిన వెంటనే మొదలైందని చూశాకే ఆ పని అయినట్టు.

చూశాక అతను ఇంటి చిరునామాకి ఒక మాట రాయాలి: ‘పాలసీ వచ్చింది, చూశాను, అంతా సరిగ్గా ఉంది’. దీనికి తన దగ్గరికి వచ్చిన కాపీలో రిప్లై నొక్కకూడదు. ఫిల్టర్ పంపిన కాపీ మీద బీమా కంపెనీ పేరే ఉంటుంది కాబట్టి రిప్లై కంపెనీకి వెళ్తుంది. ఫార్వర్డ్ నొక్కి ఇంటి చిరునామా ఇవ్వాలి. కంపెనీకే ఏదైనా రాయాల్సి వస్తే ఇంటి చిరునామాని కూడా అందులో చేర్చాలి. లేకపోతే అతను రాసింది, వాళ్లు చెప్పింది అతని మెయిల్‌లోనే ఉండిపోతాయి, రేపు అన్న ఆస్పత్రిలో కౌంటర్ దగ్గర నిలబడినప్పుడు చేతిలో ఏమీ ఉండదు.

బండి బీమాకీ ఇదే వరుస, తేదీలే వేరు. దాని గడువు ఒక్కరోజు దాటినా బీమా లేని బండి రోడ్డెక్కినట్టే, థర్డ్ పార్టీ బీమా చట్టం ప్రకారం తప్పనిసరి. సొంత నష్టానికి కూడా కవర్ కావాలంటే కంపెనీ బండిని మళ్లీ చూడాలంటుంది. 90 రోజులు దాటితే ఏళ్ల తరబడి క్లెయిమ్ చెయ్యకుండా కూడబెట్టుకున్న నో క్లెయిమ్ బోనస్ పోతుంది. అది గరిష్ఠంగా 50 శాతం దాకా ఉంటుంది. ఆస్తి పన్ను గడువు ముందే కడితే లాభం కూడా ఉంది. హైదరాబాద్‌లో ఏప్రిల్‌లోనే ఏడాది పన్ను కట్టేసేవారికి 5 శాతం రాయితీ ఇస్తూ వచ్చారు. ఆ తేదీ కూడా మార్చి నెలాఖరుకే క్యాలెండర్‌లో ఉండాలి.

ఈ పెట్టెలోకి రాకూడనివి

అందరూ చూసే పెట్టె కాబట్టి కొన్నిటిని దీనికి దూరంగా ఉంచాలి. బ్యాంకు ఖాతా, ఆదాయపన్ను పోర్టల్, డీమాట్, ఆధార్, ఫోన్ సిమ్ లాంటివి ఎవరివి వారి సొంత మెయిల్‌తోనే ఉండాలి. కారణం సూటిగా చెప్పాలంటే, ఏ మెయిల్ ఇస్తే పాస్‌వర్డ్ మార్చే లింకు ఆ మెయిల్‌కే వస్తుంది. ఇంటి మెయిల్ తెరవగలిగిన ప్రతి ఒక్కరూ, ఎవరి ఫోన్ అయినా పోతే అది దొరికినవాళ్లు కూడా, ఆ ఖాతా తలుపు దాకా వచ్చినట్టే. ఆస్పత్రి రిపోర్టుల విషయంలో కూడా ఆలోచించండి. ఇంట్లో ఒకరి జబ్బు అందరికీ తెలియాలా వద్దా అన్నది ఆ ఒక్కరే నిర్ణయించుకోవాలి.

బీమా కంపెనీ దగ్గర మెయిల్ మార్చినా ఫోన్ నంబర్ మార్చకండి. ఓటీపీ పాలసీ ఎవరి పేరు మీద ఉందో వారి ఫోన్‌కి రావడమే మంచిది. క్లెయిమ్ సమయంలో మామగారి ఫోన్ ఆయన చేతిలో ఉంటుంది, డాలస్‌లో ఉన్న కొడుకు ఫోన్ ఆ అర్ధరాత్రి మోగినా మోగకపోవచ్చు.

ఆటో డెబిట్ పెట్టుకున్న వాటి సంగతి వేరు. కార్డు మీద అలా తెగే డబ్బు గురించి కనీసం 24 గంటల ముందు బ్యాంకు తెలియజేయాలని రిజర్వ్ బ్యాంక్ నిబంధన. ఆ కబురు బ్యాంకులో ఇచ్చిన సొంత మెయిల్‌కో ఫోన్‌కో వస్తుంది. ఆ ఒక్క మెయిల్‌ని ఇంటి చిరునామాకి పంపితే చాలు, బ్యాంకు మెయిళ్లన్నీ ఇటు మళ్లించాల్సిన పని లేదు.

ఆదివారం పది నిమిషాలు

ఈ ఏర్పాటు పాడవడం మొదలైతే కొన్ని గుర్తులు కనిపిస్తాయి. ఇన్‌బాక్స్‌లో వందల మెయిళ్లు పేరుకుంటే, ఎవరూ ఆర్కైవ్ చెయ్యడం లేదన్నమాట. లేబుల్ లేని మెయిల్ ఉంటే, దానికి మనిషి లేడన్నమాట. ఒక లేబుల్ కింద రెండు నెలలుగా కొత్త ఉత్తరమే లేకపోతే ఆ సంస్థ పాత చిరునామాకే పంపుతోందని, లేదా స్పామ్‌లో పడుతోందని అనుమానించాలి. నెలనెలా రావాల్సిన ఇంటర్నెట్ బిల్లు ఈ నెల రాలేదంటే బిల్లు లేదని సంతోషించకుండా వెతకాలి.

అందుకని మెయిల్‌బాక్స్ చూసుకునే మనిషి వారానికి ఒకసారి, ఆదివారం ఉదయం అనుకుంటే ఆదివారం ఉదయం, మూడు పనులు చెయ్యాలి. స్పామ్ తెరిచి చూడాలి. లేబుల్ లేనివాటికి లేబుల్ పెట్టాలి, అలాంటిది మళ్లీ వచ్చేలా ఉంటే ఫిల్టర్ చెయ్యాలి. ‘అయింది’ అని కబురు వచ్చినవాటిని ఆర్కైవ్ చేసి, గడువు దగ్గరపడుతూ ఇంకా ఇన్‌బాక్స్‌లో ఉన్నవాటి గురించి ఆ లేబుల్ మీద పేరున్నవారిని అడగాలి. అడగడం వరకే ఆమె పని. ఆమే కూర్చుని అందరి బిల్లులూ కట్టడం మొదలుపెడితే గడులు గీసిన కాగితానికి విలువ ఉండదు. మన ఇళ్లలో ఈ భారం చప్పుడు లేకుండా ఆడవాళ్ల మీదే పడుతుంది. అందుకే అడగడం ఒకరి పని, చెయ్యడం మరొకరి పని అని ముందే మాట అనుకోవాలి. ఏడాదికోసారి మెయిల్‌బాక్స్ చూసుకునే బాధ్యత కూడా చేతులు మారితే ఇంకా మంచిది.

ఒక్కో మెయిల్‌లో రెండు పనులుంటాయి. బడి నుంచి వచ్చిన ఒకే ఉత్తరంలో విహారయాత్ర అనుమతి పత్రం, బస్సు ఫీజు రెండూ ఉండవచ్చు. అనుమతి పత్రం తల్లి సంతకం చేసి పంపేసింది, ఫీజు తండ్రిని కట్టమంది. నోటిమాటగా చెప్తే ఆ ఫీజు ఎవరి దగ్గర ఆగిందో రేపు తెలియదు. ఆమె ఆ మెయిల్‌ని ‘జులై 15 – బస్సు ఫీజు’ అని సబ్జెక్ట్ మార్చి ఇంటి చిరునామాకే మళ్లీ పంపి, కొత్తదానికి భర్త లేబుల్ పెట్టాలి. ‘సరే’ అని అతను రాసేదాకా ఆ పని ఆమెదే. బాధ్యత ఒకరి నుంచి ఒకరికి మారడం ఇంట్లో కూడా రాతలోనే జరగాలి. గుర్తున్నంతవరకు మాట సరిపోతుంది, అలసిపోయి ఇంటికొచ్చిన రోజున రాత మాత్రమే సరిపోతుంది.

జీమెయిల్, డ్రైవ్, ఫొటోలు అన్నిటికీ కలిపి ఉచితంగా ఇచ్చేది 15 జీబీ. అది నిండితే కొత్త మెయిళ్లు రావడం ఆగిపోతుంది. ఈ అకౌంట్‌లో ఫొటోల బ్యాకప్ పెట్టకపోతే ఆ చిక్కు దాదాపు రాదు. రెండేళ్లపాటు ఎవరూ వాడని అకౌంట్‌ని గూగుల్ తీసేయగలదు. వారానికోసారి తెరిచే ఇంటికి ఆ భయం లేదు.

ఏది ముందు మార్చాలి

అన్నీ ఒకేరోజు మార్చాలని కూర్చుంటే మధ్యలో వదిలేస్తాం. తప్పితే ఎక్కువ నష్టం జరిగేది ముందు మార్చండి: ఆరోగ్య బీమా, తర్వాత జీవిత బీమా, తర్వాత బండ్లు. ఆ పైన బడి, పన్నులు. నెలనెలా వచ్చే బిల్లులు చివరికి మిగిల్చినా పరవాలేదు, అవి ఒకసారి తప్పినా వచ్చే నెల గుర్తుచేస్తాయి. ఏడాదికోసారి వచ్చేవే గుర్తుచెయ్యకుండా దాటిపోతాయి.

చిరునామా మార్చిన ప్రతిచోటా ఆ సంస్థ నుంచి ఒక నిర్ధారణ మెయిల్ వస్తుంది. అది సరైన లేబుల్‌తో, సరైన మనిషి సొంత మెయిల్‌కి చేరిందా అని చూశాకే తర్వాతి సంస్థ దగ్గరికి వెళ్లండి. నిర్ధారణ రాకపోతే, ఒక చిన్న మెయిల్ మీ సొంత చిరునామా నుంచి +bheema కి పంపి ఫిల్టర్ పనిచేస్తోందో లేదో పరీక్షించండి. పాత చిరునామాల్లో తెరుచుకునేవి ఉంటే వాటిని ఏడాదిపాటు మూయకుండా ఉంచండి. ఏడాదిలో ఒక్కసారే రాసే సంస్థలు ఇంకా ఎక్కడెక్కడ మిగిలాయో ఆ పన్నెండు నెలల్లో బయటపడతాయి. అలా బయటపడ్డ ప్రతిదాన్నీ కాగితం మీద మొదటి గడిలో చేర్చి, పక్కన ఒక పేరు రాసుకోండి.